21 కుక్కల కాలనీ: తిండిగిన్నె నుంచి ఆపరేషన్ బల్ల దాకా

నాలుగు సమాంతర వీధులు, ఒక చివర పార్కు, ఇంకో చివర చెత్త పోసే మూల. ఈ కేస్ స్టడీలోని కాలనీ ఇంతే. ఊరి పేరు, మనుషుల పేర్లు తీసేశాం. కుక్కల లెక్క, పని జరిగిన వరుస మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాం.

మొదలుపెట్టేనాటికి అక్కడ నాలుగు కుటుంబాలు కుక్కలకు తిండి పెడుతున్నాయి. ఒకరు పొద్దున ఏడింటికి, ఒకరు మధ్యాహ్నం, ఒకరు సాయంత్రం ఆరింటికి, ఇంకొకరు రాత్రి పదింటికి. నలుగురూ పెట్టేది ఒకే చోట, రెండో వీధి అపార్ట్‌మెంట్ గేటు పక్కన. ఒకరు పెడుతున్నట్టు ఇంకొకరికి సరిగ్గా తెలియదు. ఫిర్యాదులు రెండు వచ్చాయి. రాత్రి పది దాటాక బండి మీద వచ్చేవాళ్లను కుక్కలు తరుముతున్నాయి. ఒక సాయంత్రం ట్యూషన్ నుంచి వస్తున్న అబ్బాయిని పిక్క మీద కరిచింది.

అసోసియేషన్ మీటింగులో ఒక పెద్దాయన అన్నమాట ఇది: "అమ్మా, మీరు పెట్టబట్టే కదండీ ఇవన్నీ మా గేటు దగ్గర పడుంటున్నాయి." ఆ మాటలో న్యాయం ఉంది. తిండి ఎక్కడ పెడితే కుక్క అక్కడే కాపు కాస్తుంది. గేటు దగ్గర పెడితే గేటు దాని సొంతం అవుతుంది. దానికి "పెట్టటం మానేయండి" అనేది మందు కాదు. చెత్త మూల ఉన్నన్నాళ్లూ కుక్కలు అక్కడే ఉంటాయి. పెట్టేవాళ్లు మానేస్తే వాటిని దగ్గరికి పిలవగలిగే మనుషులు పోతారు, వాళ్లు లేకపోతే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు ఒక్కదాన్నీ తేలిగ్గా పట్టలేం. ఈ కేసంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. తిండి పెట్టే చోటే లెక్క తీసే చోటు, పట్టే చోటు, టీకా వేసే చోటు కావాలి. అలా కానప్పుడు తిండి వల్ల కుక్కపిల్లలు ఎక్కువగా బతుకుతాయి, ఏడాదికల్లా గొడవ రెట్టింపవుతుంది.

మొదటి వారం: లెక్క

ఎన్ని కుక్కలని అడిగితే నలుగురూ నాలుగు అంకెలు చెప్పారు, 12 నుంచి 30 దాకా. అందుకని మొదటి వారం తిండిలో ఏ మార్పూ చేయలేదు. వరుసగా మూడు రోజులు, తెల్లవారుజామున ఐదు నుంచి ఆరు మధ్య, నాలుగు వీధులూ ఒకే దిశలో నడిచి కనబడిన ప్రతి కుక్కకూ ఫోటో తీశారు. జనం తక్కువగా ఉండే ఆ గంటలో కుక్కలు తమ తమ చోట్లలో కనిపిస్తాయి. మూడు రోజుల అంకెల్ని కూడకూడదు, మూడింటినీ కలిపి చూసి వేరువేరు కుక్కలెన్నో తేల్చాలి. ఫోటో ఒకటి సరిపోదు. ఎడమ పక్క, కుడి పక్క, ముఖం, ఈ మూడూ కావాలి. గోధుమరంగు కుక్కలు ఆరుంటే ఒక పక్క ఫోటోతో ఏది ఏదో తేలదు. తోక చివర తెలుపు, పాదాల రంగు, ఛాతీ మీద మచ్చ, ఇలాంటివే గుర్తులు.

తేలింది 21. పెద్దవి 17, అందులో ఆడవి 9, మగవి 8. ఆరు వారాల వయసున్న పిల్లలు 4. చెవికి గాటు ఉన్నవి, అంటే ముందే ఆపరేషన్ అయినవి, మూడే. రెండు మగవి, ఒక ఆడది.

ఈ చెవి గాటు దగ్గరే చాలామంది పొరబడతారు. ఆపరేషన్ సమయంలో మత్తులో ఉండగా చెవి అంచున ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో చిన్న ముక్క తీస్తారు. మానాక దాని అంచులు సూటిగా, నున్నగా ఉంటాయి. కొట్లాటలో చిరిగిన చెవి అలా ఉండదు. అంచు వంకరటింకరగా ఉంటుంది, చీలిక పొడవుగా లోపలికి పోతుంది, పక్కన మచ్చ గట్టిపడి ఉంటుంది. ఈ కాలనీలో నల్ల ఆడకుక్క ఒకదాన్ని రెండేళ్లుగా "ఆపరేషన్ అయిందే" అనుకుంటున్నారు. దగ్గరగా తీసిన ఫోటో పెద్దది చేసి చూస్తే అది కరిచిన చీలిక. ఆ రెండేళ్లలో అది ఎన్నిసార్లు ఈనిందో ఎవరూ లెక్కపెట్టలేదు. కుక్క సుమారు ఆరేడు నెలలకోసారి ఎదకు వస్తుంది, కట్టిన 63 రోజులకు ఈనుతుంది. ఒక్క కుక్కను పొరపాటున "అయిపోయింది" గడిలో వేస్తే ఏడాదికి రెండు ఈతలు వదిలేసినట్టే.

పాలిచ్చే తల్లిని గుర్తించటం ఇంకా ముఖ్యం. పొదుగు కిందికి వేలాడుతుంది, చనుమొనలు సాగి ఉంటాయి, చుట్టూ పిల్లలు చీకటం వల్ల వెంట్రుకలు అణిగిపోయి చర్మం కనబడుతుంది. అలాంటిదాన్ని పట్టుకుపోతే నాలుగైదు రోజులు తిరిగి రాదు. కళ్లు తెరవని పిల్లలైతే ఈలోపే చచ్చిపోతాయి.

కాటు ఎందుకు పడిందో కూడా ఈ లెక్కలోనే తెలిసింది. కరిచింది గోధుమరంగు తల్లి. గేటు పక్కన ఎప్పుడూ కదలని ఒక కారు ఉంది, దాని కింద నాలుగు పిల్లల్ని పెట్టుకుంది. సాయంత్రం ఆరింటి తిండిగిన్నె ఆ కారుకు రెండడుగుల దూరంలో ఉంది. అబ్బాయి గిన్నెకూ కారుకూ మధ్య నుంచి నడిచాడు. తల్లికి అటు పిల్లలు, ఇటు తిండి. ఇది స్వతహాగా కరిచే కుక్క అనటానికి ఏ ఆధారమూ లేదు, గిన్నె పెట్టిన చోటు తప్పు. అబ్బాయి గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించారు. కుక్కను 10 రోజులు కనిపెట్టారు. కరిచినప్పుడు కుక్క లాలాజలంలో రేబిస్ ఉండి ఉంటే ఆ 10 రోజుల్లో అది జబ్బుపడటమో చావటమో జరుగుతుంది. రోజూ ఒకే వేళకు తిండికి వచ్చే కుక్కను ఇలా కనిపెట్టటం సులువు, లేకపోతే అది ఎక్కడుందో వెతకటానికే 10 రోజులూ చాలవు. ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కుక్కను చూస్తున్నాం కదా అని మనిషి టీకా ఆపకూడదు.

గిన్నెలు జరపటం

రాత్రి తరమటానికి కారణం వేరే. తెల్లవారుజాము నడకలోనే ఒక విషయం తేటపడింది. ఒకటి, రెండు వీధుల్లోని 10 పెద్ద కుక్కలు ఒక గుంపు, మూడు, నాలుగు వీధుల్లోని 7 ఇంకో గుంపు. రెండో వీధికీ మూడో వీధికీ మధ్య సందులో రెండు గుంపులూ మొరిగి ఆగిపోతాయి, అదే వాటి సరిహద్దు. రాత్రి పదింటి తిండి వాసనకు మూడు, నాలుగు వీధులవి సరిహద్దు దాటి గేటు దాకా వస్తున్నాయి. అక్కడ కొట్లాట మొదలై, ఆ ఉద్రేకంలో ఏ బండి వచ్చినా వెంటపడుతున్నాయి. అందుకే ఒక చోటు కాకుండా రెండు చోట్లు కావాలి, ఒక్కోటి ఒక్కో గుంపు ఇలాకా లోపల, సరిహద్దుకు దూరంగా.

నియమాలు చెప్పేదీ దాదాపు ఇదే. 2023 మార్చి 10న వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలలో 20వ నియమం ప్రకారం, నివాసుల సంఘమో అపార్ట్‌మెంట్ సంఘమో స్థానిక సంస్థ ప్రతినిధో తిండి పెట్టటానికి ఏర్పాటు చేయాలి. కుక్కల సంఖ్య, వాటి ఇలాకాలు చూసి, అందరూ ఒప్పుకున్న చోటు ఎంచాలి. అది పిల్లలు ఆడే చోటు, మెట్లు, రాకపోకల గేట్లు, ముసలివాళ్లు ఎక్కువగా తిరిగే చోటు కాకూడదు. పెట్టిన చోట చెత్త మిగలకూడదు. టీకాలకు, పట్టటానికి, తిరిగి వదలటానికి పెట్టేవాళ్లు సాయపడవచ్చని కూడా ఉంది. దీనికి తోడు 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం వీధుల్లో ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదనీ, స్థానిక సంస్థలు వార్డుల్లో ప్రత్యేకంగా చోట్లు చూపాలనీ ఆదేశించింది. అదే సంవత్సరం నవంబరు 7 నాటి ఆదేశం బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి ఆవరణల నుంచి తీసిన కుక్కల్ని తిరిగి అక్కడే వదలొద్దంది. కాబట్టి కాలనీలో చోటు ఎంచేముందు వార్డు ఆఫీసుకు రాతపూర్వకంగా అడిగి, వాళ్లు చూపిన లేదా ఒప్పుకున్న చోటు కాగితం మీద పెట్టుకోవాలి. ఆ కాగితం లేకపోతే కొత్త వాచ్‌మన్ వచ్చిన ప్రతిసారీ గొడవ మొదటికొస్తుంది.

ఈ కాలనీకి రెండు చోట్లు కుదిరాయి. మొదటి గుంపుకు పార్కు వెనక గోడ, అటువైపు గేటు లేదు. రెండో గుంపుకు నాలుగో వీధి చివర దారి మూసుకుపోయిన ఖాళీ స్థలం. వేళ ఒక్కటే, తెల్లవారుజాము 5.15. ఆ వేళ పెట్టటానికి రెండు కారణాలున్నాయి. నడకకు వచ్చే పెద్దవాళ్లు 5.45 తర్వాతే వస్తారు, అప్పటికి గిన్నెలు తీసేయవచ్చు. రెండోది, కుక్కల్ని పట్టే బండి వచ్చేది తెల్లారగట్టే. రాత్రి తినే అలవాటున్న కుక్కను పొద్దున పిలిస్తే రాదు.

చోటు ఒక్కరోజులో మార్చలేదు. గిన్నెల్ని రోజుకు ఐదారు మీటర్ల చొప్పున జరుపుకుంటూ పోయారు. ఎనిమిదో రోజున ఒక పొరపాటు జరిగింది. సాయంత్రం పెట్టే ఇంట్లో బంధువులు వచ్చి, మిగిలిన భోజనం పాత గేటు దగ్గరే వేశారు. మర్నాడు ఆరు కుక్కలు కొత్త చోటుకు రాలేదు, పాత గేటు దగ్గర కూర్చున్నాయి. ఒక్కసారి వేసిన తిండికి నాలుగు రోజుల పని పోయింది. ఆ తర్వాత నలుగురూ కూర్చుని వారాలు పంచుకున్నారు. తమ వంతు కాని రోజు ఎవరూ ఎక్కడా వేయకూడదని ఒప్పుకున్నారు. వంటింటి మిగుళ్లు వేయాలనిపిస్తే వంతు ఉన్నవాళ్లకు ఇవ్వాలి, అదీ ఉల్లి, వెల్లుల్లి, మసాలా లేనివైతేనే.

పెట్టింది ఏమిటో చెప్పాలి. ఒక్కో పెద్ద కుక్కకు 200 గ్రాముల అన్నం, 100 గ్రాముల ఉడికిన ఎముకల్లేని కోడిమాంసం. కొన్ని రోజులు మాంసానికి బదులు రెండు గుడ్లు. 17 కుక్కలకు దాదాపు కిలో 200 గ్రాముల బియ్యం, రెండుంబావు కిలోల పచ్చి మాంసం పడుతుంది. ఉప్పు వేయరు, ఉడికించిన ఎముక పెట్టరు, ఎందుకంటే అది పదునుగా చీలి పేగులో గుచ్చుకుంటుంది. 15 కిలోల కుక్కకు ఇది రోజు మొత్తానికి సరిపడే తిండి కాదు, సగానికి కాస్త పైన. తక్కినది అవే వెతుక్కుంటాయి. కడుపు పగిలేలా పెడితే గిన్నెలో మిగులుతుంది, మిగిలింది ఎలుకల్ని, పక్క కాలనీ కుక్కల్ని పిలుస్తుంది. పాలిచ్చే తల్లికి మాత్రం రెండింతలు, విడిగా.

ప్రతి కుక్కకు ఒక గిన్నె, గుంపుకు ఒకటి అదనం. గిన్నెకూ గిన్నెకూ రెండు మీటర్ల దూరం. అన్నీ ఒకేసారి నేల మీద పెట్టాలంటే ఇద్దరు మనుషులుండాలి. ఒక్కరే పెడితే మొదటి గిన్నె మీదికే అన్నీ ఎగబడతాయి. 20 నిమిషాల్లో గిన్నెలు ఎత్తి, కడిగి, నేల మీద మెతుకు లేకుండా ఊడవాలి. నీళ్ల తొట్టి మాత్రం రోజంతా ఉంటుంది. రోజూ నీళ్లు పారబోసి గోడలు రుద్దాలి. వారం వదిలేస్తే దోమలు తయారవుతాయి, ఆ ఫిర్యాదుకు జవాబుండదు.

పట్టే రోజు

జంతు జనన నియంత్రణ ఆపరేషన్లు చేసే ఏబీసీ సెంటర్ వాళ్లు ఒక విడతకు ఆరు చోట్లు ఇచ్చారు. ముందు ఎవర్ని పంపాలన్నది తేల్చుకోవటం కష్టం కాలేదు. ఆడవాటినే. పది మగవాటిలో తొమ్మిదింటికి ఆపరేషన్ చేసినా మిగిలిన ఒక్కటి అన్ని ఆడవాటినీ కట్టగలదు. ఒక ఆడదానికి చేస్తే దాని ఈతలన్నీ ఆగుతాయి, అది ఎదకు రాదు కాబట్టి పది మగకుక్కలు దాని వెంటపడి వీధిలో కొట్లాడటమూ ఆగుతుంది. రాత్రి తరుములాటలో కొంత భాగం ఆ గుంపుల పని కూడా.

చేయాల్సినవి 14, అందులో ఆడవి 8. పాలిచ్చే తల్లిని పక్కనపెడితే 7.

మత్తు ఇచ్చేటప్పుడు కడుపు ఖాళీగా ఉండాలి. నిండుగా ఉంటే మత్తులో వాంతి చేసుకుని అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఎన్ని గంటలన్నది సెంటర్ డాక్టరు చెప్తారు, పట్టిన మర్నాడు ఆపరేషన్ చేసే చోట వాళ్లే చూసుకుంటారు. తెల్లవారుజామున మాత్రమే తినే అలవాటు ఇక్కడ కలిసొచ్చింది. కిందటి రోజు 5.15కు తిన్న కుక్క ఈ రోజు 5.15కు ఆకలితోనే వస్తుంది. ఆ రోజు గిన్నెల్లో వేసేది పిడికెడు కూడా కాదు, వాసనకు రెండు చెంచాలు.

రోజూ పెట్టే మనిషి వల పట్టుకోకూడదు. ఆ మనిషి పని గిన్నె పెట్టటం, కుక్క తల దించి తినేదాకా కదలకుండా ఉండటం. వల వేసేది వచ్చిన బృందం. చేతితో పట్టటమో వలో వాడాలి. ఇనుప పటకార్లు, మెడకు తీగ ఉచ్చులు కనిపిస్తే పని అక్కడే ఆపించాలి, నియమాలు వాటిని ఒప్పుకోవు. మనుషులు ఎక్కువమంది పోగైతే కుక్కలకు తేడా తెలిసిపోతుంది. ఈ కాలనీలో చూడటానికి ఏడెనిమిది మంది వచ్చారు. మొదటి కుక్కను వలలో పట్టగానే అరుపులకు మిగతావి చెదిరాయి. అందుకని మొదటి విడతలో దొరికినవి 5 ఆడవి, బండి ఖాళీగా పంపటం ఇష్టంలేక పట్టిన 1 మగది.

పట్టిన ప్రతి కుక్క మెడకూ నంబరు పట్టీ కట్టి, అది దొరికిన కరెంటు స్తంభం నంబరు రిజిస్టరులో రాశారు. వీధి పేరు రాస్తే సరిపోదా అంటే సరిపోదు. మగకుక్కను రెండో వీధికి బదులు మూడో వీధిలో వదిలితే అది శత్రువుల ఇలాకా. మానని గాయంతో ఉన్న కుక్క మీద ఏడు కుక్కలు పడతాయి. రెండో విడతలో సరిగ్గా ఇదే జరగబోయింది. డ్రైవరు మారాడు, ఖాళీ స్థలం దగ్గర బోను తలుపు తీయబోయాడు. పట్టీ నంబరు చూసి ఆపారు.

సెంటరును అడగాల్సినవి ఎక్కువ లేవు. ఆపరేషన్ తర్వాత ఎన్ని రోజులు ఉంచుతారు, రేబిస్ టీకా ఎప్పుడు వేస్తారు, ఏ బ్యాచ్, చెవి గాటు పెట్టారా, వదిలే ముందు గాయం ఎవరు చూస్తారు. సాధారణంగా నాలుగైదు రోజులు ఉంచుతారు. ఉదయం ఆపరేషన్ చేసి సాయంత్రం వదిలేస్తామంటే ఒప్పుకోకండి.

వదిలాక ఏం చూడాలి

వదిలేది తెల్లవారుజామునే, దొరికిన స్తంభం దగ్గరే, తిండి పెట్టే మనిషి ఎదురుగా ఉండగా. తర్వాత పది రోజులు తిండి వేళే డాక్టరు రౌండు లాంటిది. కుక్క వచ్చిందా, తిన్నదా, నడక మామూలుగా ఉందా, పొట్ట కింద ఎలా ఉంది. పొట్ట చూడటానికి కుక్కను తిప్పక్కర్లేదు. గిన్నెను ఇటుక మీద పెడితే తల ఎత్తి తింటుంది, ఫోన్‌ను నేలకు ఆనించి పక్కనుంచి ఫోటో తీస్తే కుట్టు కనబడుతుంది.

కుట్టు చుట్టూ కొంచెం ఎరుపు, చింతగింజంత గట్టి వాపు సహజం. మెత్తగా, రోజురోజుకూ పెరిగే ఉబ్బు, చీము, దుర్వాసన, కుట్టు మధ్య గులాబీరంగు కండ తొంగిచూడటం ప్రమాదం. లోపలి పొర తెగి పేగు బయటికి వస్తోందంటే గంటల్లో పని. శుభ్రమైన తడిగుడ్డతో పొట్ట చుట్టూ కట్టి, లోపలికి నెట్టకుండా, వెంటనే తీసుకెళ్లాలి. గాయం పైకి బాగానే ఉండి కుక్క లేవకుండా పడుకుని, చిగుళ్లు పాలిపోయి తెల్లగా ఉంటే లోపల రక్తం పోతున్నట్టు. మొదటి విడతలో ఒక ఆడకుక్క మూడో రోజు తిండికి రాలేదు. రాకపోవటమే సమాచారం. వెతికితే మెట్ల కింద కుట్టు నాక్కుంటూ దొరికింది, రెండు కుట్లు ఊడాయి. అదే రోజు సెంటరుకు పంపారు, మళ్లీ కుట్టారు, ఇంకో ఆరు రోజులు అక్కడే ఉంచారు. రిజిస్టరు లేకపోతే "ఎక్కడో తిరుగుతుందిలే" అని వదిలేసేవారు.

మగవాటి విషయంలో ఒకటి ముందే చెప్పకపోతే తర్వాత మాట పడాలి. ఆపరేషన్ అయిన మగకుక్కకు కొన్ని వారాలపాటు పాత వీర్యం మిగిలి ఉండవచ్చు. ఆ రోజుల్లో కడితే పిల్లలు పుట్టవచ్చు.

దొరకనివి

రెండో విడతలో 1 ఆడది, 4 మగవి దొరికాయి. మొదటిసారి చూసినవాళ్లెవరూ ఈసారి రాలేదు, ఇద్దరు పట్టేవాళ్లు, ఒకరు పెట్టేవారు. మిగిలినవి గోధుమరంగు తల్లి, చిరిగిన చెవి నల్లది, ఒక మగది. నల్లది వలను ఒకసారి చూసింది, ఆ తర్వాత కొత్త మనిషి వీధి మలుపులో కనబడినా గిన్నె దగ్గరికి రాలేదు. ఇలాంటిదాన్ని మళ్లీ మళ్లీ తరిమితే ఇంకా జాగ్రత్తపడుతుంది. దానికోసం సెంటరు నుంచి బోను తెచ్చి, తలుపు కట్టేసి తెరిచే ఉంచి, 12 రోజులు అందులోనే తిండి పెట్టారు. మొదట గుమ్మం బయట, తర్వాత గుమ్మం మీద, ఆ తర్వాత లోపలి చివర. బోను అడుగున గోనెపట్టా వేశారు, ఎందుకంటే ఇనుప ఊచల మీద కాలు పెట్టటానికే అది జంకింది. పదమూడో రోజు తాడు లాగి తలుపు మూశారు. ఆ రోజే తల్లిని కూడా పంపారు. పిల్లలకు రెండు నెలలు దాటి, పాలు మానేశాయి, పొదుగు ఎండింది.

నాలుగు పిల్లల్లో ఒకటి అంతకుముందే పోయింది. వాంతులు, దుర్వాసనతో రక్తం కలిసిన విరేచనాలు, రెండు రోజులు. పార్వో అన్నారు డాక్టరు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి ఉంటుంది, సబ్బుకు చావదు. గిన్నెల్ని, సిమెంటు నేలను 30 వంతుల నీళ్లలో ఒక వంతు బ్లీచ్ కలిపి తడిపి, పది నిమిషాలు ఉంచి కడిగారు. మిగతా మూడింటికి పార్వో, డిస్టెంపర్ కలిసిన టీకా మూడు నాలుగు వారాల ఎడంతో వేయించారు. ఒకదాన్ని ఒక ఇంటివాళ్లు తీసుకున్నారు. రెండు కాలనీలోనే పెరిగాయి, ఆరు నెలలు నిండాక అవీ ఆపరేషన్‌కు వెళ్లాయి. ఆరు నెలల లోపు వాటిని పట్టరు.

టీకా ఒకసారితో అయిపోదు

చెవికి గాటున్న మూడు కుక్కల గురించి అందరూ నిశ్చింతగా ఉన్నారు. ఆ గాటు చెప్పేది ఒక్కటే, ఎప్పుడో ఆపరేషన్ జరిగింది, అప్పుడు టీకా వేసి ఉంటారు. అది మూడేళ్ల కిందటైతే ఈ రోజు రేబిస్ నుంచి రక్షణ ఉందని చెప్పలేం. ఆపరేషన్ జీవితానికోసారి, రేబిస్ టీకా ఏడాదికోసారి. పాత ఆపరేషన్ కుక్కలే టీకాలో ఎక్కువగా తప్పిపోతాయి, ఎందుకంటే వాటిని మళ్లీ ఎవరూ సెంటరుకు తీసుకెళ్లరు. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా ఉంటే రేబిస్ ఒకదాన్నుంచి ఒకదానికి పాకటం ఆగుతుంది. ఈ కాలనీలో 17 పెద్దవాటికి అది 12. కానీ రోజూ తిండికి వచ్చే గుంపులో 12 దగ్గర ఆగటానికి కారణం లేదు.

టీకా రోజు కూడా గిన్నెల దగ్గరే. పశువైద్యుడు గానీ ఆయన పర్యవేక్షణలో శిక్షణ పొందిన సిబ్బంది గానీ వేయాలి, పెట్టేవాళ్లు సూది పట్టకూడదు. సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐస్‌ప్యాక్‌కు సీసా నేరుగా ఆనితే గడ్డకడుతుంది, గడ్డకట్టిన టీకా కరిగినా పనికిరాదు. మధ్యలో అట్టముక్క వేసి, పెట్టెలో థర్మామీటరు ఉంచారు. కుక్క తింటుండగా మెడ వెనక చర్మం కింద వేయటం, వెంటనే నుదుట పశువులకు వాడే రంగు పూయటం. రంగు లేకపోతే ఒకే రకం గోధుమరంగు కుక్కల్లో ఒకదానికి రెండుసార్లు పడి, ఇంకోటి మిగిలిపోతుంది. మూడు నెలల లోపు పిల్లలకూ ఆ రోజు వేయించారు. వీధిలో ఉండే పిల్ల తర్వాత దొరుకుతుందన్న నమ్మకం లేదు. వాటి వయసు మూడు నెలలు దాటాక మరో డోసు వేశారు.

పెట్టే నలుగురూ డాక్టరును సంప్రదించి ముందస్తు రేబిస్ టీకా వేయించుకున్నారు. అది ఉన్నా కాటు పడితే కడగటం, మళ్లీ రెండు డోసులు తప్పవు.

టీకా వేసిన కుక్కైనా సరే, కింది దవడ వేలాడుతూ చొంగ కారుతుంటే, గొంతు మారితే, వెనక కాళ్లు తూలుతుంటే, ఏ కారణమూ లేకుండా కనబడినదాన్నల్లా కరుస్తుంటే దగ్గరికి వెళ్లకూడదు. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చేయి పెట్టినవాళ్లున్నారు. రేబిస్ విషయంలో అంతకంటే ప్రమాదకరమైన పని లేదు. పిల్లల్ని లోపలికి పంపి, మున్సిపాలిటీ వెటర్నరీ విభాగానికి ఫోన్ చేసి, కుక్క ఎటు పోతోందో దూరం నుంచి చూడాలి.

ఏడో నెల రిజిస్టరు

14లో 13కు ఆపరేషన్ అయింది. దొరకని మగది ఇంకా దొరకలేదు. రాత్రి తరుములాట ఫిర్యాదు గిన్నెలు జరిపిన మూడో వారం నుంచి తగ్గింది. పూర్తిగా పోలేదు, ఎందుకంటే చెత్త మూల వారానికి రెండుసార్లే ఎత్తుతున్నారు, ఆ రోజుల మధ్య రెండు గుంపులూ అక్కడ కలుస్తున్నాయి. తిండి పెట్టేవాళ్లు దాన్ని మార్చలేరు. అసోసియేషన్ మున్సిపాలిటీకి రాసింది.

ఏడో నెల రెండో వారంలో ఖాళీ స్థలం దగ్గర గిన్నెకు నాలుగు మీటర్ల దూరంలో ఒక తెల్ల ఆడకుక్క కూర్చుని కనిపించింది. మెడకు పాత పట్టా గుర్తు ఉంది, ఎవరో వదిలేసిన పెంపుడు కుక్క. చెవికి గాటు లేదు, పొదుగు మామూలుగా ఉంది. ఆ రోజే దాని మూడు ఫోటోలు తీసి 22వ వరుసలో అంటించారు. "దొరికిన చోటు" గడిలో స్తంభం నంబరు రాశారు. దాని పక్కన "ఆపరేషన్", "టీకా" గడులు ఖాళీగా ఉన్నాయి. మర్నాటి నుంచి రెండో గుంపుకు గిన్నెలు తొమ్మిది, కొత్తదాని గిన్నె మిగతావాటికి ఐదు మీటర్ల అవతల.